సీమంతంలో ఏ పనికి ఏ పాట?

ప్రశ్న: నమస్తే. మా చెల్లెలికి ఏడో నెలలో సీమంతం మా ఇంట్లో చేద్దామనుకుంటున్నాం. మాది రాజమండ్రి వైపు, ఉండేది హైదరాబాద్. చెల్లెలి అత్తవారిది వరంగల్. అమ్మమ్మ పోయాక మా ఇంట్లో పద్ధతులు, పాటలు తెలిసినవాళ్ళు లేరు. ఏ పని తర్వాత ఏది, ఎక్కడ ఏం పాడాలి? తమ్ముడేమో డీజే పెట్టిద్దాం అంటున్నాడు. పెద్దవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పండి.

జవాబు:

ముందు మీ తమ్ముడి సంగతి తేల్చేద్దాం. డీజే వద్దు. సంప్రదాయం మంటగలిసిపోతుందని కాదు, పాట ఎంతసేపు సాగాలన్నది సీమంతంలో పనిని బట్టి ఉంటుంది. రికార్డింగ్ పాట నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అప్పటికి అమ్మాయి చేతికి మూడో గాజు కూడా ఎక్కదు. తర్వాత పాట ఏది పెట్టాలని ఫోన్ పట్టుకుని వెతుక్కోవడమే మిగులుతుంది. పాట నోటితో పాడితే గాజు ఎక్కేదాకా సాగదీయొచ్చు, కర్పూరం ఆరిపోతుందంటే చరణం తగ్గించుకోవచ్చు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నలభై ఏళ్ళుగా పేరంటాల్లో పాడుతూ ఉంటే అర్థమైంది. నేను పుట్టింది కోనసీమలో. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. కాబట్టి మీ రెండు వైపుల వాళ్ళతోనూ నాకు కాస్త పరిచయం ఉంది.

పాటలకు ముందు తేదీ. ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. డాక్టరు వారాల్లో చెబుతుంది, పెద్దవాళ్ళు నడుస్తున్న నెల లెక్కపెడతారు. ఉదాహరణకు చివరిసారి నెలసరి జనవరి 10న వచ్చిందనుకోండి. జూలై 10 నాటికి ఆరు నెలలు నిండి ఏడో నెల మొదలైనట్టు. ఆగస్టు 9 దాకా ఏడో నెల నడుస్తుంది. అదే డాక్టరు లెక్కలో దాదాపు 26 వారాల నుంచి 30 వారాల దాకా. మా చుట్టాలింట్లో ఒకసారి 'ఏడు నిండాక' అని ఒక వైపు వాళ్ళు, 'ఏడు నడుస్తుండగా' అని రెండో వైపు వాళ్ళు అనుకుని హాలు బుక్ చేశారు. తీరా చూస్తే అది ఎనిమిదో నెలలో పడింది. మన ఇళ్ళలో ఎనిమిదో నెలలో చేయరు కదా. హాలుకి ఇచ్చిన అడ్వాన్సు పోయింది. అందుకని వియ్యాలవారితో 'ఏడో నెల' అని మాట్లాడుకోకండి. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ లోపల' అనండి. మధ్యలో ఆషాఢమో మూఢమో వస్తుందేమో పంచాంగంలో చూసుకోండి. ఏడో నెల కుదరకపోతే కొందరు తొమ్మిదిలో చేస్తారు. నన్నడిగితే ఐదో నెలైనా నయమే. తొమ్మిదిలో అమ్మాయి కూర్చోలేదు.

ఇంకో మాట. శాస్త్రం ప్రకారం జరిగే సీమంతం అత్తవారిది, ఎందుకంటే అందులో ప్రధానంగా చేయాల్సింది భర్త. గాజులు, చలిమిడి, ఒడి నింపడం పుట్టింటివారి ముచ్చట. మీరు మీ ఇంట్లో పెట్టుకుంటున్నారు కాబట్టి, మంత్రం భాగం చేయిస్తారా లేదా అని వరంగల్ వాళ్ళను ముందే అడగండి. చాలా ఇళ్ళలో ఆ ఆచారమే ఉండదు, ఆడవాళ్ళ పేరంటం ఒక్కటే చేస్తారు. అదీ పూర్తి సీమంతమే. ఆ వైపు చాలామంది దీన్ని 'శ్రీమంతం' అంటారు, పత్రిక అచ్చు వేయిస్తే ఏ మాట వేయాలో అదీ అడగండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పత్రిక చూసి ముఖం ముడుచుకున్న అత్తగార్లను చూశాను.

మంత్రం భాగం ఉంటే ఏం జరుగుతుందో తెలిసి ఉంటే మంచిది. సీమంతం అంటే పాపిడి. సీమంతోన్నయనం అంటే ఆ పాపిడిని పైకి తీయడం. పదహారు సంస్కారాల్లో ఇది మూడోది, గర్భాధానం, పుంసవనం తర్వాత వస్తుంది. మన తెలుగు వైదికుల ఇళ్ళలో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సూత్రం దీన్ని మొదటి కాన్పుకే చెప్పింది, అదీ నాలుగో నెలలో. ఏడో నెల మనకు వాడుకలో స్థిరపడింది. హోమం అయ్యాక భర్త మూడు చోట్ల తెల్ల మచ్చలున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి కలిపి పట్టుకుని, నుదుటి దగ్గర మొదలుపెట్టి నడినెత్తి వైపు పాపిడి తీస్తాడు. మేడి చెట్టును చూశారా ఎప్పుడైనా? కాయలు కొమ్మ చివర కాకుండా మానుకే గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. ఆ చెట్టులా నిండుగా కాయమని దీవెన.

ఏదుపంది ముల్లు కోసం పూజా సామాను దుకాణాల వెంట తిరగకండి. అది వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పురోహితుడి దగ్గర తాతల నాటిది ఉంటే సరే, లేకపోతే దర్భలతోనే కానిస్తారు.

ఈ భాగంలోనే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. పాపిడి తీశాక వీణ వాయించేవాళ్ళను పాడమనాలని ఆ సూత్రంలోనే ఉంది. ఏం పాడాలో కూడా ఉంది. సోముడే మా రాజు అని చెబుతూ, ఈ ప్రజలు ఏ నది ఒడ్డున ఉంటున్నారో ఆ నదిని పేరు పెట్టి పిలవాలి. ఆ పాట మంత్రంలో నది పేరు ఉండాల్సిన చోట 'ఫలానా' అని ఖాళీ వదిలారు. అంటే సీమంతంలో పాట మనం తర్వాత తగిలించుకున్న సరదా కాదు, మొదటి నుంచీ ఉన్నదే. పైగా ఎవరి ఊరిని బట్టి వాళ్ళు పూరించుకోవాల్సిన పాట. ఇప్పుడు వీణ ఎవరూ పెట్టడం లేదు, పురోహితుడే ఆ మంత్రం గబగబా చదివేస్తాడు. ఆయన్ను ముందే అడగండి, 'అక్కడ గోదావరి పేరు చెప్తారా?' అని. ఆయన సంతోషిస్తాడు. హైదరాబాద్‌లో ఉంటున్నారు కాబట్టి న్యాయంగా మూసీ అనాలి, కానీ ఇంతవరకు అలా అన్న పురోహితుణ్ణి నేను చూడలేదు.

మంత్రం భాగం అయ్యాక అమ్మాయిని లేపండి. బాత్రూంకి వెళ్ళనివ్వండి, మజ్జిగో కొబ్బరినీళ్ళో ఇవ్వండి, పావుగంట నడుం వాల్చనివ్వండి. ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. మా దగ్గరి బంధువుల ఇంట్లో అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా హోమం పొగలో గంటన్నర కూర్చుంది. తర్వాత అరవై మంది పేరంటాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి పసుపు, గంధం, బొట్టు, అక్షతలు అంటూ కూర్చోబెట్టారు. నలభయ్యో ఆవిడ వంతు వచ్చేసరికి అమ్మాయి పెదాలు తెల్లబడి పక్కకు ఒరిగిపోయింది. అంతకు ముందు పది నిమిషాలుగా ఆమె పాటకు తల ఊపడం మానేసింది, చెమటలు పట్టాయి, పిలిస్తే ఆలస్యంగా పలికింది. పాడుతున్న నేనే గమనించలేదు. అప్పటి నుంచి నేను వెళ్ళిన చోటల్లా రెండు నియమాలు పెడుతున్నాను. పొద్దున్నే ఇడ్లీ తిని రావాలి, ఉపవాసం భర్త ఉంటే చాలు. పసుపు, గంధం, గాజులు ఐదుగురో ఏడుగురో ముత్తయిదువలే చేయాలి, మిగతావాళ్ళు అక్షతలు వేసి దీవిస్తే సరిపోతుంది. పీట బదులు వీపు ఆనే కుర్చీ వేయండి. కావాలంటే పీటను కాళ్ళ కింద పెట్టండి, శాస్త్రానికీ సరిపోతుంది, కాళ్ళు వాచకుండానూ ఉంటాయి.

ఇప్పుడు ఆడవాళ్ళ భాగం. మొదట నలుగు. ఇది పేరంటం మొదలుకాకముందే పొద్దున ఇంట్లోవాళ్ళ మధ్య అయిపోతుంది. శనగపిండి, కొద్దిగా పసుపు, నూనె కలిపి చేతులకు, కాళ్ళకు మాత్రమే పెట్టండి. పొట్టకు పెట్టొద్దు, సాగిన చర్మం మీద పసుపు పడితే కొందరికి దురద మొదలవుతుంది. నలుగు పాటలు వేళాకోళం పాటలు. వదిన మరదల్ని, మరదలు అత్తని ఆటపట్టిస్తుంది. ఇక్కడ రాగం తెలియనివాళ్ళు కూడా గొంతు కలపొచ్చు, ఎందుకంటే నవ్వుల్లో తప్పులు కొట్టుకుపోతాయి. మీ ఇంట్లో పాడే అలవాటు పోయిందన్నారు కాబట్టి, మొహమాటం పోవడానికి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

పేరంటంలో అమ్మాయిని తూర్పుముఖంగా కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు, పారాణి, మెడకు గంధం, నుదుట బొట్టు, తలలో పూలు పెడతారు. దీనికి ఏదైనా గౌరీదేవి పాటో లక్ష్మి పాటో చాలు. మీకు వచ్చింది పాడండి.

తర్వాత గాజులు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఏడో నెలకు వేళ్ళు, మణికట్టు కొంచెం ఉబ్బుతాయి. పెళ్ళిలో రెండు నాలుగు సైజు వేసుకున్న అమ్మాయికి ఇప్పుడు రెండు ఆరు కావాలి. చాలామంది పాత సైజు తెచ్చేసి అక్కడ తంటాలు పడతారు. రెండు సైజులూ తెచ్చి, ముందు రోజు సాయంత్రం ఒక గాజు వేసి చూడండి. పొద్దుటికంటే సాయంత్రం వాపు ఎక్కువ ఉంటుంది కాబట్టి సాయంత్రం ఎక్కితే పొద్దున ఎక్కినట్టే. తొడిగేటప్పుడు నాలుగు వేళ్ళూ దగ్గరగా ముడిచి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, ఎముక దగ్గర తోయకుండా గాజును కొంచెం ఏటవాలుగా తిప్పుతూ ఎక్కించాలి. ఎరుపు, ఆకుపచ్చ మట్టిగాజులు కలిపి వేస్తారు. మా ఇంట్లో ఒక చేతికి రెండో చేతికంటే ఒక గాజు ఎక్కువ ఉంటుంది. ఒకటో రెండో చిట్లుతాయి, కంగారుపడకండి. 'పగిలింది' అనొద్దు, 'చిట్లింది' అనండి, అంతే. ముక్కలు వెంటనే ఏరేయండి, అమ్మాయి వట్టికాళ్ళతో ఉంటుంది. మా అమ్మ తరంలో పురుడు పోసిన మంత్రసానికి ఈ గాజులు ఇచ్చేవారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే ముందే తీయించేస్తారు, కాబట్టి మరీ బిగుతుగా ఎక్కించొద్దని ఇంకో కారణం.

ఒక్కో గాజు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు కదా. అందుకే గాజుల పాట ఒకరు ఒక పాదం పాడితే మిగతావాళ్ళు దాన్నే తిప్పి పాడేలా ఉంటుంది. గాజు మణికట్టు దాటకపోతే ముందావిడ అదే పాదాన్ని మళ్ళీ ఎత్తుకుంటుంది. దాటగానే తర్వాతి పాదంలోకి వెళ్తుంది. ఆ దాటిన చప్పుడే తాళం. ముందు పాడేవాళ్ళు అమ్మాయి చేతిని చూస్తూ పాడాలి, పుస్తకాన్ని కాదు. మీరు పాట ప్రింటు తీసి అందరికీ పంచాలనుకుంటే ఇక్కడ మాత్రం వద్దు.

ఈ గాజులు ఎక్కేటప్పుడే నెలల పాట పాడతారు. మన స్త్రీల పాటల్లో కౌసల్య వేవిళ్ళు, ఆమె పురుడు పాడే పాటలు చాలా పాతవి. పురాణం చెప్పేవాళ్ళు పాయసం తాగింది, రాముడు పుట్టాడు అని రెండు మాటల్లో దాటేస్తారు. ఆడవాళ్ళ పాటల్లో మాత్రం మహారాణి అన్నం చూస్తే ముఖం తిప్పుకుంటుంది, వాంతులు చేసుకుంటుంది, నొప్పులు పడుతుంది. నెలల పాటలు ఆ దారిలోవే. ఒకటో నెల, రెండో నెల అంటూ ప్రతి నెలకూ రెండు పాదాలు. మీకు అమ్మమ్మ పాట దొరకకపోతే సొంతంగా కట్టుకోవచ్చు, అది అనుకున్నంత కష్టం కాదు. కిటుకు ఏమిటంటే, నెల పేరు ఏ అక్షరంతో మొదలైతే రెండో మాటలోనో రెండో పాదంలోనో ఆ అక్షరమో దానికి దగ్గరిదో తిరిగి రావాలి. 'రెండు'కి 'రేపు', 'మూడు'కి 'ముంగిలి', అలా. నా మేనకోడలికి నేను కట్టింది కొంచెం రాస్తాను, మీరు దాన్నే మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

గాజుల గలగల వినవె చిన్నారీ
గౌతమి గట్టున నీ ఊరు చిన్నారీ

ఒకటో నెలలోన ఒకరికీ చెప్పలేదు
అద్దాన్ని అడిగితే అదీ చెప్పలేదు

రెండవ నెలలోన రేపుమాపు వేవిళ్ళు
పోపు వాసనొస్తే పొరుగింటికే పరుగు

మూడవ నెలలోన ముంగిట్లో మామిడి
ఉప్పుకారం లేక ఊరుకోదు నోరు

ఏడవ నెలలోన ఏటికొచ్చె నీళ్ళు
ఏరి ఏరి తెచ్చె ఎర్రగాజులు తాత

మధ్య నెలలు వదిలేశాను, అవి మా ఇంటి వేళాకోళాలు, బయటివాళ్ళకు అర్థం కావు. ఏటికొచ్చిన నీళ్ళు ఎందుకంటే, మా మేనకోడలి సీమంతం శ్రావణంలో జరిగింది. అప్పుడు గోదావరి ఎర్రగా పొంగుతూ ఉంటుంది. ఒకటో నెలలో అద్దం సంగతి కూడా కల్పన కాదు, ఆ పిల్ల మొదట మూడు వారాలు మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరు కూడా మీ చెల్లెల్ని అడగండి, ఏ నెలలో ఏం తినాలనిపించింది, ఏ వాసన పడలేదు, ఎవరిమీద విసుక్కుంది అని. పాట అక్కడే దొరుకుతుంది. పెద్ద కవిత్వం అక్కర్లేదు. పల్లవిలో మాత్రం మీ నది పేరు వేయండి, వీణ పాటలో ఖాళీ వదిలింది దానికే.

ఈ పాట నాకు నేర్పింది మా పిన్ని. కట్టడం నేను కట్టాను కానీ వరస ఆవిడది. ఆవిడకు ఇరవై ఆరేళ్ళకే భర్త పోయాడు. మా ఇంట్లో ఏ సీమంతం జరిగినా ఆవిడ పేరంటంలో కూర్చునేది కాదు, కూర్చోనిచ్చేవారు కాదు. వంటింటి గడప లోపల నిలబడి పాదం అందించేది, బయట ఉన్నవాళ్ళు తిప్పి పాడేవారు. అంటే మొత్తం పాట తెలిసిన మనిషి కనపడకుండా ఉండేది. నాకు చిన్నప్పుడు అది వింతగా కూడా అనిపించలేదు. మేనకోడలి సీమంతానికి నేనే వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుని తెచ్చి అమ్మాయి కుర్చీ పక్కన కూర్చోబెట్టాను. ఇద్దరు పెద్దవాళ్ళు గొణిగారు. పాట మొదలయ్యాక గొణుగుడు ఆగింది, ఎందుకంటే ఆవిడ పాదం అందిస్తే తప్ప వాళ్ళకు తర్వాతిది రాదు. మీ ఇంట్లో పాటలు తెలిసినవాళ్ళు లేరని రాశారు. ఒకసారి సరిగ్గా వెతకండి. పేరంటానికి పిలవని అత్తయ్యలు, పిన్నులు, పెద్దమ్మలు ఎవరైనా ఉన్నారేమో. పళ్ళెం ముట్టుకోనివ్వని వాళ్ళ దగ్గరే చాలా పాటలు మిగిలిపోయాయి.

గాజుల తర్వాత ఒడి నింపడం. రవికల గుడ్డ, బియ్యం, పసుపు కుంకుమ, ఎండు ఖర్జూరాలు, వక్కలు, అరటిపళ్ళు, ఎండు కొబ్బరి. వరంగల్ వాళ్ళు ఈ ఎండు కొబ్బరి చిప్పలను కుడుకలు అంటారు, వాళ్ళకు అవి తప్పనిసరి. మనం పచ్చి కొబ్బరికాయ ఒక్కటి పెట్టి ఊరుకుంటే 'కుడుకలు ఏవీ?' అని అడుగుతారు. తెచ్చి ఉంచండి. ఒడి బరువు ఎక్కువ కాకుండా చూడండి, ఒక్కొక్కరు గుప్పెడు గుప్పెడే వేయాలి, ఒకరు పక్కనుంచి పళ్ళెంలోకి తీసేస్తూ ఉండాలి.

చలిమిడి పుట్టింటివారు తేవాలి. కడుపు చల్లగా ఉండాలని పెడతారు. మా వైపు మూడో నెలలోనే తల్లి ఎవరికీ చెప్పకుండా కూతురికి కొంచెం పెడుతుంది, దాన్ని దొంగ చలిమిడి అంటారు. సీమంతానికి పెట్టేది బాహాటంగా పెట్టే చలిమిడి. గర్భిణికి పచ్చిపిండి చలిమిడి కాకుండా పాకం చలిమిడి చేయండి. కిలో బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు వార్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించుకోవాలి. దానికి ముప్పావు కిలో బెల్లం. పాకం లేతగా ఉండకట్టే దాకా రావాలి. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే వేళ్ళతో దగ్గరకు తీయగానే మెత్తటి ఉండ అవ్వాలి. నీళ్ళలో కరిగిపోతే ఇంకా రాలేదు, అలా దించితే జావగా ఉండి రెండోరోజుకే వాసన వస్తుంది. పళ్ళానికి కొడితే టంగుమంటే దాటిపోయింది, రేపటికి రాయిలా అవుతుంది. దించాక పిండి కొంచెం కొంచెం పోస్తూ కలిపి, నెయ్యి, యాలకులపొడి, వేయించిన కొబ్బరిముక్కలు వేయాలి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కలిపేటప్పుడు కాస్త జారుగానే ఆపండి. అమ్మాయికి గర్భంతో వచ్చిన షుగర్ ఉందని డాక్టరు చెప్పి ఉంటే, చిటికెడు నోట్లో పెట్టి మిగతాది పేరంటాళ్ళకు పంచేయండి. బలవంతంగా రెండు ఉండలు తినిపించే మేనత్తను ముందే పక్కకు పిలిచి చెప్పండి.

చివరిది హారతి. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు, కొంచెం సున్నం కలిపితే ఎర్రగా మారతాయి. కొందరు అందులో తమలపాకు మీద కర్పూరం పెడతారు, కొందరు వేరే పళ్ళెంలో వెలిగిస్తారు. మంగళహారతి పాట గాజుల పాటకు పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఇక్కడ సాగదీయడానికి వీల్లేదు. కర్పూరం ఆరేలోపు మంగళం అనాలి, ఆరిపోయాక పాడుతూ ఉంటే పళ్ళెం పట్టుకున్నవాళ్ళు వెర్రిచూపులు చూడాలి. మామూలు బిళ్ళ ఒకటి వెలిగిస్తే పల్లవి, రెండు చరణాలు, అంతే. మూడు చరణాలు పాడాలనుంటే రెండు బిళ్ళలు పెట్టండి. ఏ హారతి పాటైనా సరే, ముందురోజు ఇంట్లో ఒకసారి బిళ్ళ వెలిగించి పాడుకుని చూసుకోండి. దిష్టి తీసిన ఎర్రనీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాలి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ దగ్గర కాదు, కిందకు తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోయండి. వాచ్‌మెన్‌తో ఒకసారి గొడవ పడ్డాను.

హారతి అయ్యాక అమ్మాయి లేవాలి. తాంబూలాలు మీరు పంచండి. నానబెట్టిన శనగలు, పళ్ళు, తమలపాకులు, వక్క, రవికల గుడ్డ, జత గాజులు.

లాలి పాటలు పాడొచ్చా అని మీ తర్వాత ఇంకెవరో అడుగుతారు, అందుకే ఇప్పుడే చెప్పేస్తాను. కొన్ని ఇళ్ళలో పాడతారు. మా ఇంట్లో పాడరు. 'ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత మా అమ్మమ్మకు వేదం. పుట్టకముందు ఊయల కట్టరు, ఊయల లేనిదే లాలి లేదు. మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసి, నెలల పాటను కూడా ఏ నెలలో సీమంతం చేస్తే ఆ నెల చరణంతో ఆపేయాలి అనేది. ఏడో నెల సీమంతంలో ఎనిమిదీ తొమ్మిదీ పాడనిచ్చేది కాదు. పాట మధ్యలో ఆగినట్టు ఉంటుంది, కొత్తవాళ్ళు 'తర్వాత?' అంటారు. తర్వాతది ఇంకా జరగలేదు కదా అనేది.

మీరు కూడా మీ పాట కట్టుకునేటప్పుడు ఆ రెండు చరణాలు రాసి చీటీ మడిచి దేవుడి గూట్లో పెట్టండి. మా మేనకోడలివి మేము బారసాల నాడు ఊయల దగ్గర పాడాం. పిన్నికి అప్పటికి గొంతు పోయింది. పాదం నేనందించాను, ఆవిడ చేత్తో తాళం వేసింది.